ఎన్యూమరేటర్: అన్నీ ప్రింట్ చేసే మెషీన్

పోయిన ఎపిసోడ్‌లో రికగ్నైజబుల్ లాంగ్వేజ్ అంటే ఏంటో చూశాం. లాంగ్వేజ్‌లో ఉన్న ప్రతి స్ట్రింగ్‌నీ ట్యూరింగ్ మెషీన్ ఒప్పుకుంటుంది. లేని స్ట్రింగ్ ఇస్తే తిరస్కరించొచ్చు, లేదా ఎప్పటికీ ఆగకపోవచ్చు.

ఎన్యూమరేటర్ కూడా ట్యూరింగ్ మెషీనే. కాకపోతే దీనికి ఇన్‌పుట్ ఉండదు, ప్రింటర్ ఉంటుంది. లాంగ్వేజ్‌లోని స్ట్రింగ్స్ అన్నిటినీ, అవి మాత్రమే, ఏదో ఒక వరుసలో ప్రింట్ చేస్తుంది. ఒకే స్ట్రింగ్ పదిసార్లు వచ్చినా పర్వాలేదు. ఈ రెండు మెషీన్ల శక్తీ ఒకటే అని ఈరోజు చూపిస్తాను.

ముందు తేలికైన వైపు. మన దగ్గర ఎన్యూమరేటర్ E ఉంది, w అనే ఇన్‌పుట్ వచ్చింది. E ని నడిపించి, అది ప్రింట్ చేసే ప్రతి స్ట్రింగ్‌నీ w తో పోల్చి చూడాలి. కలిస్తే ఒప్పుకోవాలి. w లాంగ్వేజ్‌లో లేకపోతే ఎదురుచూస్తూనే ఉంటాం, కానీ రికగ్నైజర్‌కి ఆ వెసులుబాటు ఉంది కదా!

ఇప్పుడు రెండో వైపు. రికగ్నైజర్ M ఉంది, దాన్నుంచి ఎన్యూమరేటర్ కావాలి. చదువుకునే రోజుల్లో నేను రాసిన జవాబు ఇది: స్ట్రింగ్స్‌ని ε, 0, 1, 00, 01 అని పొడవు వరుసలో తీసుకుని, ఒక్కొక్కదాని మీదా M ని చివరిదాకా నడిపి, ఒప్పుకుంటే ప్రింట్ చెయ్యి. తప్పు! ఎందుకో చూడండి. ε ని M 1 స్టెప్‌లో ఒప్పుకుంది, 0 మీద ఎప్పటికీ ఆగదు, 1 ని 5 స్టెప్పుల్లో, 00 ని 2 స్టెప్పుల్లో ఒప్పుకుంటుంది అనుకోండి. నా ఎన్యూమరేటర్ 0 దగ్గరే ఇరుక్కుపోతుంది. 1, 00 ఎప్పటికీ బయటికి రావు.

మందు ఏంటంటే, ఏ స్ట్రింగ్‌కీ ఒకేసారి మొత్తం సమయం ఇవ్వకూడదు. i-వ రౌండ్‌లో మొదటి i స్ట్రింగ్స్ మీద M ని తలా i స్టెప్పులు నడపాలి, ఒప్పుకున్నవాటిని ప్రింట్ చెయ్యాలి. 1వ రౌండ్‌లో ε వస్తుంది. 00 మన వరుసలో నాలుగోది, కాబట్టి 4వ రౌండ్‌లో వస్తుంది. 5 స్టెప్పులు కావాల్సిన 1, 5వ రౌండ్‌లో వస్తుంది. 0 ప్రతి రౌండ్‌లోనూ కొన్ని స్టెప్పులు తింటుంది, అంతే, ఎవరికీ అడ్డురాదు. వరుసలో k-వ స్ట్రింగ్‌కి t స్టెప్పులు కావాలంటే, k, t లలో పెద్దదెంతో ఆ రౌండ్‌లో అది తప్పకుండా వస్తుంది.

ఒకటి గమనించారా? 1 కంటే ముందే 00 వచ్చేసింది. అంటే వరుస చెదిరింది. అది చెదరకుండా, పొడవు వరుసలోనే ప్రింట్ అవుతుందనే హామీ ఉంటే? లాంగ్వేజ్ అనంతమైతే, w ని దాటిన స్ట్రింగ్ ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. అప్పటికి w రాలేదంటే ఇక రాదు, ధైర్యంగా "లేదు" అనేయొచ్చు. పరిమితమైన లాంగ్వేజ్ అయితే ఆ కాసిని స్ట్రింగ్స్‌నీ మెషీన్‌లోనే రాసిపెట్టుకోవచ్చు. కాబట్టి అలాంటి లాంగ్వేజ్ డిసైడబుల్ అవుతుంది. రికగ్నైజబుల్‌కీ డిసైడబుల్‌కీ ఉన్న తేడా అంతా ఆ వరుసలోనే ఉంది.