జామీను సంతకం - దాని బరువు



స్నేహితుడు అప్పు తీసుకుంటూ "ఒక్క సంతకమే కదా భాయ్" అంటాడు. మనం మొహమాటపడి జామీను పెడతాం. అతను వాయిదాలు ఆపేస్తే నోటీసు మన ఇంటికి వస్తుంది. అప్పుడు మనలో చాలామంది "ముందు అతణ్ణి అడగండి, అతని దగ్గర వసూలు కాకపోతే మా దగ్గరకు రండి" అంటాం. చట్టం దీన్ని ఒప్పుకోదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. అసలు, వడ్డీ, ఖర్చులు అన్నీ అందులోకి వస్తాయి. ముందుగా అప్పుదారుడి ఆస్తి మీద పడి, ఆ తర్వాతే జామీనుదారుడి దగ్గరకు రావాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1968లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో తేల్చి చెప్పింది.

ఒక లెక్క చూద్దాం. మిత్రుడు ఆటో తాకట్టు మీద మూడు లక్షలు తీసుకున్నాడు, మనం జామీను. అతను కొంత కట్టి మానేశాడు, వడ్డీతో కలిపి 1,80,000 మిగిలింది. అప్పు ఇచ్చినవారు ఆ మొత్తం మననే అడగవచ్చు. అయితే మనకు చెప్పకుండా వారే ఆ ఆటోను తాకట్టు నుంచి విడిచిపెట్టేశారనుకుందాం. అప్పుడు దాని విలువ 80,000 అయితే, 141వ సెక్షన్ ప్రకారం మన బాధ్యత ఆ మేరకు తగ్గి లక్ష రూపాయలే మిగులుతుంది. కానీ చాలా ఫారాలలో "ఇలాంటి హక్కులు వదులుకుంటున్నాను" అనే వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని కింద సంతకం పెట్టాక ఈ వాదన నిలవడం కష్టం. అందుకే సంతకానికి ముందే ఫారం చదివించుకోవాలి, కాపీ తీసుకోవాలి. జామీను ఎంత మొత్తానికో అంకెల్లో రాయించుకోవాలి.

అప్పు ఇచ్చినవారు కొంతకాలం ఊరుకున్నారన్న కారణంతోనే మన బాధ్యత పోదు. మన అనుమతి లేకుండా వడ్డీనో వాయిదాలనో మారుస్తూ కొత్త ఒప్పందం రాసుకుంటే మాత్రం, ఆ హక్కును మనం ముందే వదులుకోకపోతే, మనకు విముక్తి ఉంటుంది.

కట్టక తప్పకపోతే నగదుగా ఇవ్వకండి. బ్యాంకు ద్వారా కట్టి, రసీదు, ఎంత చెల్లించామో తెలిపే ఉత్తరం తీసుకోండి. మొత్తం తీర్చాక, అప్పు ఇచ్చినవారికి ఉన్న హక్కులు, ఆటో మీద తాకట్టుతో సహా, మనకు వస్తాయి. మనం న్యాయంగా చెల్లించిన సొమ్మును మిత్రుడి నుంచి రాబట్టుకోవచ్చు. అందుకు దావా వేసే గడువు మనం చెల్లించిన రోజు నుంచి మూడేళ్లు. "ఇస్తాడులే" అని ఎదురుచూస్తూ ఆ గడువు దాటనివ్వకండి. మరో జామీనుదారుడు కూడా ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, భారాన్ని సమానంగా పంచుకోమని అతణ్ణీ అడగవచ్చు.

కాబట్టి సంతకం పెట్టేముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ సొమ్ము రేపు నేనే కట్టాల్సి వస్తే కట్టగలనా? కట్టలేమని తోస్తే ఇవాళే "కాదు భాయ్" అనడం మంచిది.