పాదం ఎక్కడ ఆగాలి

ప్రొద్దుటూరులో పెరిగిన విద్యార్థికి ‘శివతాండవం’ గురించి వేరే చెప్పనక్కర్లేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ఆ ఊరి అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ దాన్ని కట్టారని అక్కడ చెప్పుకుంటారు. ఆ గేయం చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పరు. నడకే ఆపుతుంది, నడకే లేపుతుంది. అలా అలవాటుపడ్డ ఒక అమ్మాయి ఈ మధ్య వచన కవితల పుస్తకం నా చేతిలో పెట్టి, “ప్రాస లేదు, గణం లేదు. వాక్యాన్ని ముక్కలు చేసి కింద కింద రాస్తే కవిత్వమా సార్?” అని అడిగింది. మంచి ప్రశ్న. జవాబు ఆ ‘కింద కింద’లోనే ఉంది.

మన వృత్తపద్యంలో పాదం ఎక్కడ ముగియాలో కవి చేతిలో ఉండదు. ఉత్పలమాలకు ఇరవయ్యో అక్షరం రాగానే పాదం అయిపోతుంది. మాట సగంలో ఉన్నా సరే, మిగతా సగం కింది పాదంలోకి పోతుంది, అది తప్పు కాదు. చదివేవాళ్లు అర్థాన్ని బట్టి ఆగుతారు గానీ పాదాన్ని బట్టి కాదు. వచన కవితలో లెక్క లేదు కాబట్టి పాదం ఆగిన ప్రతిచోటా కవే కావాలని ఆపాడు. అక్కడ ఎందుకు ఆపాడని అడిగే హక్కు మనకుంది.

రేడియోలో కాగితం కనపడదు. పెన్సిలు తీసుకోండి, నేను ఆగిన చోటల్లా కింది వరుసకు దిగండి. జమ్మలమడుగు దగ్గర ఎండిన పెన్నను తలుచుకొని నేనే కట్టిన మామూలు మాటలివి:

ఈ ఏడూ పెన్నకు నీళ్లు రాలేదు
అవ్వ ఇసుకలో చెలమ తవ్వి కూర్చుంది

రెండు వరుసలు, రెండు సమాచారాలు. మాటలు మార్చను, విరుపు మాత్రం మారుస్తాను:

ఈ ఏడూ పెన్నకు నీళ్లు
రాలేదు అవ్వ ఇసుకలో చెలమ తవ్వి
కూర్చుంది

‘నీళ్లు’ దగ్గర ఆగినప్పుడు చెవి ఏం చేసింది? వచ్చాయేమోనని ఒక్క క్షణం ఆశపడింది. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదనే మాట కూడా ఆ క్రియలోనే దాగి ఉంటుంది. ‘రాలేదు’ను కింది వరుసకు తోస్తే ఏటా ఆ ఊళ్లు పడే ఆశాభంగం ఆ విరుపులోకి వచ్చింది. పైగా ‘రాలేదు’ పక్కనే ‘అవ్వ’ చేరింది. వరుసను ఒక్క ఊపులో చదివితే రానిది నీళ్లా, అవ్వా అని చెవి కాస్త తడబడుతుంది. ఆ తడబాటు నాకు కావాలి. మీకు వద్దనిపిస్తే ‘రాలేదు’ను ఒంటరిగా నిలపండి, ఆ కవిత వేరే అవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ‘తవ్వి’. అది అసమాపక క్రియ, వాక్యాన్ని ముగించదు. తవ్వి ఏం చేసింది? తోడిందా, తాగిందా? చెలమ తవ్వినవాళ్లకు తెలుసు, గుంత తీయగానే నీళ్లుండవు. ఇసుకలోంచి ఊరాలి, అంతదాకా కూర్చోవాలి. ‘తవ్వి’ తర్వాతి మౌనం ఆ ఊరే వ్యవధి. ఇలాంటి విరుపును నేను మొదట గుర్తించింది పుస్తకంలో కాదు. ఒక సభలో ఒక పెద్దాయన వరుస చివర నిజంగా ఆగి చదవడం విన్నాను. అంతకు ముందు నేను కళ్లతోనే చదివేవాణ్ణి.

అయితే ప్రతి మాటకూ ఒక వరుస ఇచ్చేవాళ్లున్నారు. ‘అవ్వ’, ‘ఇసుకలో’, ‘చెలమ’, ‘తవ్వి’ అని మెట్లు కడితే ఏ విరుపుకూ బలం ఉండదు. అన్నిచోట్లా ఆగమంటే చెవి ఎక్కడా ఆగదు. దీనికో పరీక్ష ఉంది. కవితను వచనంలా కలిపి రాసి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపులు అలంకారానికి పెట్టినవే. మన పులివెందుల వైపు పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి ‘సారస్వత వివేచన’ చదివితే, ఇలాంటివాటిని ఎంత నిక్కచ్చిగా తూచాలో తెలుస్తుంది.

ప్రాస మీద వచన కవితకు పగేమీ లేదు, అవసరమైతే వాడుకుంటుంది. పఠాభి 1939లోనే ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సుతో గొడవ పెట్టుకున్నాడు. కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి, ఈ ప్రక్రియ కోసం జీవితాంతం వాదించాడు. వాటి చరిత్ర మరోసారి.

ఒక్క మాట మాత్రం కోప్పడే చెప్పాలి. పద్యానికి రాగం తీసేవాళ్లే వచన కవితను వార్తల్లా గబగబా చదివేసి, ఇందులో ఏముందంటారు. ఆగమన్న చోట ఆగకుండా ఆ మాట అనకండి. కుందుర్తి ‘నగరంలో వాన’ దొరికితే తీసుకోండి. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, పుస్తకం చూపించకుండా, ప్రతి వరుస చివర ఆగుతూ చదవండి. విన్నవాళ్లను పాదాలు విరిచి రాయమనండి. వాళ్లు రాసింది, అచ్చులో ఉన్నది పక్కపక్కన పెట్టి చూసుకొని, తేడా వచ్చిన చోట కవి ఎందుకు అక్కడ ఆపాడో ఇద్దరూ వాదించుకోండి.