"కాదు, ఇంకోటి" అంటే ఏది? లిస్టులో ఏ ఊరో ప్రోగ్రామ్ ఎట్లా పట్టుకోవాలి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క జవాబు గురించే. మన చాట్ ప్రోగ్రామ్ నాలుగు ఆప్షన్లు చూపిస్తుంది, యూజర్ "కాదు, ఇంకోటి" అని టైప్ చేస్తాడు. నంబర్ చెప్పడు, పేరు చెప్పడు. అప్పుడు ఏది తీసుకోవాలి?

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. పార్సిల్ బుకింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాం అనుకోండి. మహదేవపూర్ నుంచి ఒకాయన ఏ ఊరికి పంపాలో "ముత్తారం మహదేవపూర్" అని కొట్టిండు. ఇక్కడివాళ్లకు ఇది వెంటనే అర్థమైతది. పాత కరీంనగర్ జిల్లాలో ముత్తారం పేరుతో రెండు మండలాలు ఉండేవి. తేడా తెలియడానికి ఒకదాన్ని ముత్తారం మంథని అని, ఇంకోదాన్ని ముత్తారం మహదేవపూర్ అని రాసేవాళ్లు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మొదటిది పెద్దపల్లి జిల్లాకు పోయింది, రెండోది భూపాలపల్లి జిల్లాకు వచ్చింది. రెండోదాన్ని ఇప్పుడు మహాముత్తారం అంటున్నాం. మన ప్రోగ్రామ్‌కు ఈ కథ తెల్వదు. అక్షరాలు కలిసినవన్నీ తెచ్చి స్క్రీన్ మీద పెట్టింది: 1. మహదేవపూర్, 2. ముత్తారం (పెద్దపల్లి), 3. మహాముత్తారం. పైగా మొదటిదానికి తనే టిక్ పెట్టి "ఇదేనా?" అని చూపించింది.

ఆయన జవాబు: "గది కాదు, ఇంకోటి."

ముందు "కాదు" దేన్ని కొట్టేసిందో చూడాలి. లిస్టు మొత్తాన్ని కాదు. ప్రోగ్రామ్ చివరగా ముందుకు తోసిన ఒక్కదాన్నే, అంటే టిక్ ఉన్న మహదేవపూర్‌ని. అందుకే చివరగా దేనికి టిక్ పెట్టామో ప్రతిసారీ దాచుకోవాలి. ఏ టిక్కూ లేకుండా ఉత్త లిస్టే చూపించినప్పుడు కూడా "కాదు, ఇంకోటి" అని వచ్చిందంటే, అది అంతకుముందు మాట్లాడుకున్నదాన్ని కాదనడం కావచ్చు, లేదా ఆయనకు కావాల్సింది లిస్టులోనే లేకపోవచ్చు. అక్కడ ఊహించొద్దు, ఊరి పేరు మళ్లీ అడగాలి.

తెలుగులో ఇంకో చిక్కుంది. "వద్దు" అంటే బుకింగే వద్దనడం కావచ్చు. "లేదు" అంటే నా ఊరు ఇందులో లేదనడం కావచ్చు. "కాదు" అంటేనే నువ్వు పట్టుకున్నది తప్పు అని. చాలామంది ఈ మూడింటినీ ఒకే "నో" కింద పడేస్తరు, అసలు గొడవ అక్కడే మొదలైతది. "ఇంకోటి" కూడా అంతే. ముందు "కాదు" లేకుండా ఉత్త "ఇంకోటి" అంటే, ఇది ఉంచి మరొకటి కలపమని కూడా అర్థం వస్తది. రెండు పార్సిళ్లు పంపేవాళ్లు అట్లనే అంటరు కదా!

కాదన్నది తేలాక, మిగిలినవి లెక్కపెట్టాలి.

```
rejected.append(ticked)
left = [x for x in shown if x not in rejected]
```

`left`లో ఒక్కటే మిగిలితే పని అయిపోయినట్టే, దానికి టిక్ పెట్టి చూపించండి. మన కేసులో రెండు మిగిలినయ్, రెండూ ముత్తారాలే. లిస్టులో తర్వాతిది కాబట్టి రెండోది తీసుకుంటే పార్సిల్ వేరే జిల్లాకు పోతది. లిస్టులో ఎవరు ముందున్నారన్నది మనం పెట్టుకున్న వరుస, ఆయన చెప్పింది కాదు.

ఆయన చెప్పింది మొదటి మెసేజ్‌లోనే ఉంది. దాన్ని పారేయకుండా మళ్లీ వెనక్కి పోవాలి. "ముత్తారం", "మహదేవపూర్" రెండు మాటలూ కొట్టిండు. మండలాల పాత పేర్లు కూడా డేటాలో పెట్టి ఉంటే, ఆ రెండు మాటలూ కలిసేది మహాముత్తారం ఒక్కదానికే. పెద్దపల్లి ముత్తారానికి సగమే కలుస్తది. కాబట్టి మూడోదానికి టిక్ పెట్టి, జిల్లా పేరుతో సహా చూపించాలి: "మహాముత్తారం, భూపాలపల్లి జిల్లా. ఇదేనా?" జిల్లా పేరు లేకపోతే ఆయన ఏది చూసి అవునంటున్నడో మనకు తెల్వదు.

మరి ఆయన మొదట ఉత్త "ముత్తారం" అనే కొట్టి ఉంటే? అప్పుడు మిగిలిన రెండింటికీ సమానంగా కలుస్తది. మనం తేల్చలేం. మిగిలిన రెండింటినే, మొత్తం లిస్టు కాదు, జిల్లాలతో మళ్లీ చూపించి అడగాలి.

మళ్లీ "కాదు, ఇంకోటి" వస్తే? `rejected`ని ఒక్కదానికే పరిమితం చేసిన ప్రోగ్రామ్ ఇక్కడ దొరికిపోతది, తిరిగి మహదేవపూర్‌నే తెచ్చి ముందు పెడుతది. మీ లాగ్స్‌లో ఇది ఈజీగా కనిపిస్తది: వరుసగా రెండు మెసేజ్‌లు "కాదు"తో మొదలైతయ్, మధ్యలో పాత ఆప్షనే మళ్లీ వచ్చి ఉంటది. కాదన్నవి బుకింగ్ అయ్యేదాకా గుర్తుండాలి. ఒక్క మినహాయింపు, "ముందుదే" అనో "మొదటిదే" అనో యూజరే వెనక్కి పిలిస్తే, దాన్ని `rejected` లోంచి తీసేయాలి.

`left` ఖాళీ అయిపోతే ఇంక ఆ లిస్టు పక్కన పెట్టి, ఊరు, మండలం టైప్ చేయమని అడగడమే. దీని ఫుల్ కోడ్ వచ్చే ఎపిసోడ్‌లో రాద్దాం. ఉంటా మరి.