పాస్‌పోర్టు రుసుము పదిహేను వందలే

ఫోనులో ‘పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్’ అని వెతికితే కొన్నిసార్లు పైన ప్రకటనలే కనిపిస్తాయి. కొన్ని సైట్లు మూడు సింహాల ముద్రతో, అచ్చం సర్కారు సైటులాగే ఉంటాయి. అవి మీ వివరాలు తీసుకుని, అసలు రుసుము మీద అదనంగా గుంజుతాయి. కొన్నయితే డబ్బు అందగానే మాయమవుతాయి.

విదేశాంగ శాఖ వారి అసలు చిరునామా passportindia.gov.in. ఇందులో చివరి gov.in భాగాన్ని జాగ్రత్తగా చూడండి. gov కు ముందు చుక్క ఉండాలి, అడ్డగీత కాదు. in వెంటనే ఏటవాలు గీత ‘/’ తప్ప మరేదీ ఉండకూడదు. పేరులో ‘పాస్‌పోర్టు’, ‘ఇండియా’, ‘సేవ’ అన్నీ ఉన్నా చివర .org, .com ఉంటే అది ప్రభుత్వానిది కాదు.

రుసుము సంగతి. పెద్దవాళ్లకు 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. తత్కాల్‌కు మరో 2,000 కలిపి 3,500. అపాయింట్‌మెంట్‌కు విడిగా రుసుము లేదు. మామూలు రుసుము కట్టాకే తేదీ ఎంచుకుంటాం. ‘స్లాట్ ఇప్పిస్తాం, 2,500 పంపండి’ అని ఎవరైనా మామూలు పాస్‌పోర్టుకు అడిగితే, అందులో వెయ్యి వాళ్ల జేబుకే. విచారణకు ఇంటికొచ్చే పోలీసులకూ ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.