కార్వేటినగరం కోనేటి మెట్ల మీద అమ్మ ఫొటో: గ్రిడ్, గీతలు, ఫ్రేమ్

మా తాతది మంచి ఫొటో ఒక్కటీ లేదు. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి కోనేటి దగ్గర నేనే ఒకటి తీశాను. తాత సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు, పైన సగం ఫొటో ఖాళీ ఆకాశం, మనిషేమో వేలెడంత. ఆయన పోయాక పటం కట్టిద్దామని పెద్దది చేస్తే ముఖం అంతా చుక్కలే. అందుకే మొన్న అదే కోనేటికి అమ్మను తీసుకెళ్లాను.

ముందు కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేయండి. రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు వస్తాయి. అమ్మ ముఖాన్ని ఎడమవైపు పైన గీతలు కలిసే చోట పెట్టాను. తను కుడివైపు నీళ్లకేసి చూస్తోంది కాబట్టి ఖాళీ ఆ పక్కే వదిలాను. ఎదురుగా వదిలితే చూపుకి చోటు ఉంటుంది. వీపు వెనక వదిలితే మనిషి గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది. నేను నాలుగు అడుగులు దగ్గరికి కూడా వెళ్లాను, అసలు తాత ఫొటోలో పెద్ద తప్పు దూరమే.

ఇక మెట్లు. ఎదురుగా నిలబడి తీస్తే అవి రూళ్ల నోటుబుక్కులా అడ్డంగా పడ్డాయి, కన్ను ఎటూ పోదు. పక్కకు వెళ్లి, మెట్ల వరుస పొడవునా చూసేలా కూర్చున్నాను. అప్పుడు గీతలన్నీ దూరంగా ఒకచోటికి దగ్గరవుతూ పోయాయి. ఆ దారిలోనే అమ్మను కూర్చోబెట్టాను. "ఇంకా ఎంతసేపురా, రాయి కాలిపోతా ఉంది" అంటోంది.

తీసి చూస్తే ఒక మెట్టు అంచు సరిగ్గా మెడ మీదుగా పోతోంది, కోసినట్టు! ఇది ఫోన్ చిన్న స్క్రీన్‌లో వెంటనే తెలియదు, జూమ్ చేసి మెడ, తల చుట్టూ చూసుకోవాలి. ఫోన్ జానెడు కిందికి దించితే గీత భుజం కిందికి దిగింది. అంతే. 0.5x మాత్రం వాడకండి. మెట్లు భలేగా సాగుతాయి కానీ, మనిషి అంచున ఉంటే ముఖం కూడా సాగుతుంది.

ఫ్రేమింగ్‌కి ఇంటికి వచ్చాం. నేను చీకటి గదిలో ఉండి, గుమ్మంలోంచి బయట అరుగు మీదున్న అమ్మను తీశాను. మొదటిసారి ఫోన్ గది చీకటిని చూసి వెలుతురు పెంచేసింది, అమ్మ తెల్లగా పాలిపోయింది. స్క్రీన్ మీద అమ్మ ముఖాన్ని నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగాను. గుమ్మం నల్లబడింది, ముఖం తేలింది. గది లోపల సామాన్లు కనిపించకపోవడం బోనస్, మా ఇల్లు ఎప్పుడూ సర్ది ఉండదు లెండి.

అమ్మకు మాత్రం ఇవేవీ నచ్చలేదు. మెడ సంగతి చూసుకోవడానికి మధ్యలో ఊరికే నొక్కినదే నచ్చింది, అందులో నవ్వుతోంది. ప్రింట్‌కి అదే ఇచ్చాను. వచ్చే ఎపిసోడ్‌లో రాత్రి ఫొటోల గురించి మాట్లాడుకుందాం, బై.