చెప్పని ప్రేమకు రెండు షేర్లు

గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథి గజల్‌ను కూడా మన భాషలోకి తెచ్చారు. ఆ బాటలో, మన మార్కాపురం పలకను తలచుకొని మేము కట్టిన రెండు షేర్లు ఇవి:

పలక మీద రాసి తుడిచి పేరు చెప్పలేదు
ఎదుట నిలిచి నవ్వి మనసు తీరు చెప్పలేదు

చెరువు నిండి అలుగు పారి ఊరు వింది కాని
గట్టు దాటలేని కంటి నీరు చెప్పలేదు

చివర మారకుండా వచ్చే ‘చెప్పలేదు’ రదీఫ్. దానికి ముందు ప్రాస కలిపే పేరు, తీరు, నీరు కాఫియాలు. మొదటి షేరైన మత్లాలో రెండు పాదాలకూ ఇవి ఉండాలి. తరువాతి షేర్లలో రెండో పాదానికి ఉంటే చాలు. పాదానికి 21 మాత్రలు. మూడేసి మాత్రలకు ఒక తాళం వేసి చదివి చూడండి. ‘కంభం చెరువు’ అందామంటే ‘కంభం’ నాలుగు మాత్రలై నడక కుంటుతుంది, అందుకే ఉత్త ‘చెరువు’ అన్నాం.

ఈ రదీఫే ఎందుకంటే, నేను చెప్పలేదు, అతడు చెప్పలేదు, ఆమె చెప్పలేదు... తెలుగులో క్రియ మారదు. మనసు దాచుకున్నది ఎవరో బయటపడదు. ఉర్దూ గజల్‌లో ప్రియురాలిని సైతం పుంలింగంలో పలికే మర్యాద ఉంది; మనకు ఆ పరదా క్రియలోనే దొరికింది.

ఆఖరి షేరైన మఖ్తాలో కవి తన పేరు చేర్చడం ఆచారం. పేరే చెప్పని ప్రేమ కదా, మేము మఖ్తా కట్టలేదు.