తెనాలి నుంచి కాన్ఫరెన్స్‌కి వెళ్తే నాకేం మిగిలింది?

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మాది చిన్న ఊరు. డబ్బులు పెట్టుకుని కాన్ఫరెన్సులకి వెళ్తే ఏమొస్తుంది?" అని. నాకు ఏమొచ్చిందో చెప్తాను.

పైకాన్ ఇండియా అని పైథాన్ వాడేవాళ్ల కాన్ఫరెన్స్ ఒకటుంది. 2009లో మొదలైంది, వాలంటీర్లే నడుపుతారు. ఊరు మారుతూ ఉంటుంది. 2023లో హైదరాబాద్‌లో పెట్టారు. నేనప్పుడు తెనాలిలో ఇంటి నుంచే జాబ్ చేస్తున్నా. ట్రైన్ ఎక్కేశా.

మొదటి రోజంతా స్టాల్స్ చుట్టూ తిరిగా. స్టిక్కర్లు తెచ్చుకున్నా, ఒక నలభై మందికి లింక్డ్‌ఇన్ రిక్వెస్టులు పెట్టా. వారం తర్వాత "హాయ్ సర్" అంటే ఒక్కళ్లూ పలకలేదు. వాళ్ల తప్పేం లేదులెండి. నా ముఖం చూశారు గానీ నా పని చూడలేదు కదా.

పనికొచ్చింది డెవ్ స్ప్రింట్. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వాళ్లు తలా ఒక టేబుల్ దగ్గర కూర్చుంటారు. మనం వెళ్లి వాళ్ల పక్కనే కూర్చుని ఆ ప్రాజెక్టులో చిన్న పని చేయొచ్చు. నేను ఇన్‌స్టలేషన్ దగ్గరే ఇరుక్కుపోయా. వాళ్ల CONTRIBUTING.md ఫైల్‌లో విండోస్ వాళ్లకి కావాల్సిన ఒక స్టెప్ రాయలేదు. సిగ్గుపడుతూనే మెంటర్‌ని అడిగితే, "అదే రాసి పంపు" అన్నారు. నాలుగు లైన్లు. దానికే ఆయన రెండుసార్లు మార్పులు చెప్పారు, ఇంటికొచ్చాక గానీ మెర్జ్ అవ్వలేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను నెలకో చిన్న ఇష్యూ, good first issue లేబుల్ ఉన్నవే, తీసుకుంటూ పోయా. ఏడాది తర్వాత మా కంపెనీలో లేఆఫ్. అప్పుడు ఆ మెంటర్‌కి మెసేజ్ పెట్టా: నేను చేసిన పనుల లింకులు, నేను వెతుకుతున్న రోల్, అంతే. తన కంపెనీలో రెఫర్ చేశారు. రెఫరల్ అంటే జాబ్ కాదు, ఇంటర్వ్యూ వరకే. మూడు రౌండ్లు నేనే తిప్పలు పడ్డా. కానీ రివ్యూలో మాట పడితే ఎలా సర్దుకుంటానో ఆయన ఏడాదిగా చూశారు. రెజ్యూమెలో అది ఎక్కడ రాస్తాం చెప్పండి?

మీరు వెళ్తుంటే ప్రాజెక్ట్‌ని ముందే ఇంట్లో ఇన్‌స్టాల్ చేసుకోండి. వందల మంది ఒకే వైఫై మీద పడితే డౌన్‌లోడ్‌కే సగం రోజు పోతుంది.

ఇక ఖర్చు. ఇలాంటి కాన్ఫరెన్సులు చాలావరకు ఫైనాన్షియల్ ఎయిడ్ ఇస్తాయి. ఫామ్ ముందుగానే ఓపెన్ చేసి, ముందుగానే మూసేస్తారు. ట్రైన్ ఎంత, రూమ్ ఎంత అని విడివిడిగా రాయండి. తర్వాత బిల్లులు చూసి డబ్బులిచ్చే పద్ధతి కూడా ఉంటుంది, అప్పుడు ముందు మన జేబులోంచే పెట్టాలి. టికెట్లు, రసీదులు పారేయకండి. నాకైతే ఇదంతా అక్కడ టీ లైన్‌లో ఒక కాకినాడ అమ్మాయి చెప్తేనే తెలిసింది. అప్పటికే జేబు ఖాళీ!